చిలికి చిలికి గాలివాన చేసుకొనే పద్ధతి

పరవాడ ఫార్మా సిటీలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. అందులో పదకొండేళ్లు షిఫ్ట్ ఇన్‌చార్జిని. ఈ పదకొండేళ్లలో నా చేతుల మీదుగా ఎన్ని తగవులు నడిచాయో లెక్కలేదు. ఒక్కటీ తెగలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు చెప్పే అర్హత నాకుందనుకుంటున్నాను.

పనిచేసే చోట తగవు వచ్చిన మనిషి ముందు మూడు తలుపులుంటాయి. ఎదుటివాడితో నేరుగా మాట్లాడటం ఒకటి. ఇద్దరికీ నమ్మకమున్న మూడో మనిషిని కూర్చోబెట్టుకొని మాట్లాడటం రెండోది. హెచ్‌ఆర్ వాళ్లు దీన్ని మీడియేషన్ అంటారు, మనం రాజీ అంటాం. కాగితం మీద ఫిర్యాదు ఇవ్వడం మూడోది. ఏది ఎప్పుడు తట్టాలో తెలియడమే అసలు విద్య అంటుంది మా మైక్రోబయాలజీ ల్యాబు మేడం. అసలేం జరుగుతోందో తెలియనప్పుడు మాట్లాడాలట. ఏం జరిగిందో ఇద్దరికీ తెలిసి, మొహాలు చూసుకోలేని స్థితి వస్తే మధ్యలో మనిషి కావాలట. ఎవరేం చేశారో తేల్చి, కంపెనీ చేత ఒక పని చేయించాలంటేనే ఫిర్యాదట. ఎదుటివాడి చేతిలో మన జీతమో, మన భద్రతో ఉంటే మొదటి రెండు తలుపులూ వదిలేసి మూడోదే తట్టొచ్చట.

నాకంత ఓపిక లేదు. నా లెక్క తేలిక: కోపం వచ్చింది కదా, ఏ తలుపు దగ్గరగా ఉంటే దాన్ని తన్నడమే. ఎలా తన్నాలో, తంతే ఏమవుతుందో మా ల్యాబులో జరిగిన ఒక్క తగవుతోనే చెబుతాను.

హెచ్‌పీఎల్‌సీ అని ఒక యంత్రం ఉంటుంది. మందులో ఏది ఎంత ఉందో అది విడదీసి చూపిస్తుంది. దాని గుండెకాయ కాలమ్; జానెడు పొడవున్న స్టీలు గొట్టం, ఒక్కోటి వేల రూపాయలు. రాత్రంతా అందులోంచి ఫాస్ఫేట్ బఫర్, అంటే ఉప్పు కలిసిన నీళ్లు, నడుస్తాయి. పని అయ్యాక ముందు ఒక అరగంట మంచినీళ్ల పాలు ఎక్కువగా ఉన్న ద్రవంతో కడిగి, తర్వాత ఇంకో అరగంట మెథనాల్‌తో కడిగి, మెథనాల్‌లోనే ఉంచేయాలి. తొందరపడి నేరుగా మెథనాల్ పంపినా, కడగకుండా వదిలేసినా ఉప్పు లోపల పేరుకుపోతుంది. పొద్దున పంపు ఆన్ చేస్తే నూట యాభై దగ్గర ఉండాల్సిన ప్రెషరు రెండొందల డెబ్బై చూపిస్తుంది.

ఆ రెండు నెలలూ నైట్ షిఫ్టు శ్రీకాకుళం అబ్బాయిది. పొద్దున ఆరింటికి వాడి చేతి నుంచి యంత్రం అందుకొనేది అనకాపల్లి అబ్బాయి. వారంలో రెండు మూడు రోజులు కాలమ్ కడగకుండానే ఉంటోంది. దాన్ని కడిగి, మళ్లీ కుదుటపరిచి, సరిగా చూపిస్తోందని తేల్చుకొనేసరికి అనకాపల్లి అబ్బాయికి రెండు గంటలు పోతున్నాయి. ఆ రోజు వాడి రిపోర్టులు ఆలస్యం, నా దగ్గర వాడికి చీవాట్లు. తగవంటే ఇంతే. ఇక చిట్కాలు.

చిట్కా 1: ఆ ఒక్క మనిషితో తప్ప అందరితోనూ మాట్లాడండి

నేరుగా మాట్లాడటమంటే అవతలివాడితోనే మాట్లాడాలని కొందరు అపోహ పడతారు. కంపెనీ బస్సు ఉన్నది దేనికి? అనకాపల్లి అబ్బాయి మధ్యాహ్నం రెండున్నర బస్సులో లంకెలపాలెం జంక్షన్ వచ్చేదాకా ఇదే కథ చెప్పాడు. "వాడికి పని మీద భయం లేదురా" అన్నాడు. పదకొండు మంది విన్నారు. ఆ బస్సు డ్రైవరే రాత్రి తొమ్మిదింటికి నైట్ షిఫ్టు వాళ్లనీ తీసుకొస్తాడు. కూర్మన్నపాలెం దాటకముందే శ్రీకాకుళం అబ్బాయికి కబురందింది. అందేసరికి "పని మీద భయం లేదు" కాస్తా "పని రాదు" అయింది. బస్సులో ఎక్కిన మాట దిగేటప్పటికి ఎప్పుడూ కాస్త లావెక్కుతుంది.

దీనివల్ల లాభమేమిటంటే, మీరు ఎదుటివాణ్ణి కలిసే సమయానికి అతను జవాబు సిద్ధం చేసుకొని ఉంటాడు. మీ ప్రశ్నకు మాత్రం కాదు.

చిట్కా 2: అడగకండి, చెప్పండి

ఎప్పటికైనా ఎదురుపడి మాట్లాడక తప్పకపోతే సమయం జాగ్రత్తగా ఎంచుకోండి. షిఫ్టు మారే ఆరు గంటలకు మించిన ముహూర్తం లేదు. ఒకడికి నిద్ర, ఇంకొకడికి హడావిడి, చుట్టూ ఆరుగురు. మాట "నువ్వెప్పుడూ" అని మొదలుపెట్టండి. వారానికి రెండుసార్లు జరిగినదాన్ని "ఎప్పుడూ" అంటే ఎదుటివాడు కడిగిన నాలుగు రోజుల లెక్క తీస్తాడు. అప్పుడు మీరు కాలమ్ గురించి కాక, "ఎప్పుడూ" అన్న మాట గురించి అరగంట పోట్లాడుకోవచ్చు.

మా మేడం పద్ధతి వేరు. ఆవిడ ల్యాబులో ఇంక్యుబేటర్ తలుపు సరిగా వేయకుండా పోతున్నాడని ఒక కుర్రాడి మీద అనుమానమొచ్చింది. ఆవిడ అతన్ని క్యాంటీన్‌కు తీసుకెళ్లి, "బాబూ, సోమవారం, గురువారం పొద్దున నేనొచ్చేసరికి టెంపరేచరు రెండు డిగ్రీలు తక్కువుంది. ఆ ప్లేట్లు మళ్లీ పెట్టాల్సి వచ్చింది. రాత్రి చివర్లో నీ పని ఎలా నడుస్తోంది?" అని అడిగిందట. జరిగింది ఒక ముక్క, దానివల్ల తనకేమైందో ఒక ముక్క, తర్వాత ఒక ప్రశ్న. అంతే. తలుపు రబ్బరు ఊడిపోయిందని, మెయింటెనెన్స్‌కు చెప్పి తొమ్మిది రోజులైందని అతను చెప్పాడు. రబ్బరు మార్చారు. తగవు పోయింది. చూశారా, ఎంత నష్టమో! పాపం, బస్సులో వాళ్లకు రెండు వారాలు మాట్లాడుకోవడానికేమీ లేకుండా చేసింది.

అనకాపల్లి అబ్బాయి గనక "రాత్రి చివర్లో నీ పని ఎలా నడుస్తోంది?" అని అడిగి ఉంటే ఏం తెలిసేదో తర్వాత చెబుతాను. దేవుడి దయవల్ల అడగలేదు.

చిట్కా 3: తేదీలు యంత్రాలకు, విశేషణాలు మనుషులకు

మా ల్యాబులో కాలమ్‌కు ఒక లాగ్‌బుక్ ఉంటుంది. ఏ రోజు, ఎన్నింటికి, ఎవరు వాడారు, ప్రెషరెంత అని అప్పటికప్పుడు రాసి సంతకం పెట్టాలి. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు. చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. "ఈ కాలమ్‌కు పొగరెక్కువ" అని అందులో రాసినవాణ్ణి ఇన్నేళ్లలో ఒక్కణ్ణీ చూడలేదు.

మనిషి దగ్గరకొచ్చేసరికి ఈ చాదస్తమంతా అనవసరం. అనకాపల్లి అబ్బాయి తన డైరీలో "నిర్లక్ష్యం", "అహంకారం", "సీనియర్ అంటే లెక్కలేదు" అని రాసుకున్నాడు. నేనే మెచ్చుకున్నాను. విశేషణంలో గొప్పతనమేమిటంటే దాన్ని ఎవరూ సరిచూడలేరు. "12వ తేదీ పొద్దున 6:10, ప్రెషరు 270, నైట్ ఎంట్రీలో కడిగిన సంతకం లేదు, పక్కన ఫలానావాడు ఉన్నాడు" అని రాస్తే ప్రమాదం. ఎవరైనా ఆ పుట తెరిచి, అంతకుముందు రాత్రి ఇంకేం జరిగిందని చూడగలరు. చూస్తే కారణం దొరికిపోతుంది. కారణం దొరికితే తగవు బతకదు.

నేరుగా మాట్లాడదామనుకున్నా, రాజీకి కూర్చున్నా, ఫిర్యాదు ఇచ్చినా ఇలాంటి నాలుగు లైన్లే పనికొస్తాయట. అందుకని ఏ తలుపు తట్టాలో తేల్చుకోకముందే రాసి పెట్టుకోవాలని మేడం అంటుంది. నేనంటాను, తలుపు మూసుకుపోయాక రాయండి, జ్ఞాపకం మీద ఆధారపడి. జ్ఞాపకం మన పక్షాన ఉంటుంది.

చిట్కా 4: తగవులో వాటా ఉన్నవాణ్ణే మధ్యవర్తిగా పెట్టుకోండి

నెల తిరిగేసరికి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. షిఫ్టు అప్పగింత కూడా చీటీల మీద నడుస్తోంది. ఇలాంటప్పుడు మధ్యలో ఒక మనిషి అవసరం. ఆ మనిషి నేనే.

రెండు పిల్లుల రొట్టె తగవును కోతి తీర్చిన కథ చిన్నప్పుడు అందరం విన్నాం. ఆ కథలో కోతి తప్పేమిటో నాకిప్పటికీ అర్థం కాదు. తక్కెడ పట్టుకునేవాడికి ఆకలుండటం సహజం కదా.

నేను ఇద్దర్నీ ఒకేసారి నా క్యాబిన్‌కు పిలిచాను. మేడం మాత్రం, మధ్యవర్తి ముందు ఒక్కొక్కరితో విడిగా కూర్చోవాలంటుంది. బయట అనలేని మాట అక్కడ బయటికొస్తుందట. ఒకరికి భయం ఉంటే అక్కడే తెలిసిపోతుందట. భయం ఉన్నచోట రాజీకి కూర్చోబెట్టకూడదట. ఇద్దరూ ఇష్టపడి రావాలట. వచ్చినవాళ్లు ఎప్పుడైనా లేచిపోవచ్చట. మధ్యవర్తి తీర్పు చెప్పకూడదట, ఇద్దరి నోటా మాట రప్పించాలట. చివరికి కుదిరింది ఏదో వాళ్ల మాటల్లోనే నాలుగు లైన్లు రాసి, మూడు వారాల తర్వాత ఫలానా రోజున మళ్లీ చూసుకుందామని తేదీ పెట్టుకోవాలట. మరి మధ్యవర్తికి దక్కేదేమిటి? మన రచ్చబండల్లో పెద్దమనిషి అంటే తీర్పు చెప్పేవాడే. తీర్పు చెప్పని పెద్దమనిషిని ఎవరైనా చూశారా?

నేను ఆరు నిమిషాల్లో తేల్చాను. "నువ్వు చిన్నవాడివి, సారీ చెప్పు. నువ్వు పెద్దవాడివి, సర్దుకుపో. చేతులు కలపండి." కలిపారు. రెండు చేతులూ చల్లగా ఉన్నాయని నాకు దూరం నుంచే తెలుస్తోంది. ఇద్దరి అప్రైజల్ రేటింగూ వేసేది నేనే కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. దాన్ని ఒప్పందం అంటారు.

శ్రీకాకుళం అబ్బాయి వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "సార్, ఆ నాలుగింటి శాంపిళ్లు..." అన్నాడు. "అదంతా తర్వాత, ముందు నిద్రపో" అన్నాను. మధ్యవర్తి మాట మార్చడం కూడా తెలిసి ఉండాలి.

చిట్కా 5: గోటితో పోయేదానికి గొడ్డలి తీయండి

చేతులు కలిపిన నాలుగో రోజున కాలమ్ పోయింది. ప్రెషరు దిగలేదు, పీకులు వెడల్పయ్యాయి, దాన్ని పక్కన పడేయాల్సి వచ్చింది. అనకాపల్లి అబ్బాయి ఆ రాత్రి ఇంట్లో కూర్చొని ఫిర్యాదు రాశాడు. దాని నమూనా మీకు పనికొస్తుంది.

నాలుగు పేజీలు. మొదటి పేజీ నిండా శ్రీకాకుళం అబ్బాయి గుణగణాలు. రెండో పేజీలో మూడేళ్ల కిందట పిక్నిక్‌లో ఏదో అన్నాడన్న సంగతి. మూడో పేజీలో ఇంకా ఎవరెవరికి ఈ బాధ ఉందో, వాళ్లనడగకుండానే వాళ్ల పేర్లు. నాలుగో పేజీలో "తగిన చర్య తీసుకోవాలి". ఏ చర్య కావాలో లేదు. కాలమ్ గురించి రెండు లైన్లు. హెచ్‌ఆర్‌కు పంపుతూ ప్లాంట్ హెడ్ దాకా పద్నాలుగు మందికి కాపీ పెట్టాడు.

ఫిర్యాదు అంటే బాణం, వదిలాక వెనక్కి రాదు. మాటల్లో ఉన్నంతకాలం తగవు ఇద్దరిదీ. కాగితం అందాక అది కంపెనీది. ఎదుటివాడికి కాపీ ఇచ్చి జవాబు అడగాలి, సాక్షుల్ని పిలవాలి, ఏదో ఒకటి రాతలో తేల్చాలి. మధ్యలో "పోనీలెండి" అంటే కుదరకపోవచ్చు. అందుకే ఫిర్యాదు చేసేముందు, ఇది రుజువైతే ఏం కావాలనుకుంటున్నానో ఒక్క వాక్యంలో రాసుకోమంటుంది మేడం. ఆ వాక్యం రాయలేకపోతే ఇంకా మాట్లాడటం మిగిలి ఉన్నట్టేనట. చాలామంది ఆ వాక్యం దగ్గరే ఆగిపోతారు. మా అబ్బాయి ఆగలేదు, దాన్ని వదిలేసి ముందుకెళ్లాడు.

ఏమైంది? హెచ్‌ఆర్ శ్రీకాకుళం అబ్బాయిని వివరణ అడిగింది. వాడు, బస్సులో తన పరువు తీశారని పదకొండు మంది పేర్లతో ఎదురు ఫిర్యాదు ఇచ్చాడు. ఇద్దరికీ చెరో మెమో. ఫిర్యాదు "ఎవరు చేశారు?" అని అడిగింది కాబట్టి "వీడు" అని జవాబొచ్చింది. "ఎందుకు జరుగుతోంది?" అని ఎవరూ అడగలేదు కాబట్టి అది అలాగే జరుగుతూ పోయింది. ఇంకో కాలమ్ కూడా పోయింది.

అలా అడగడానికి నిజానికి మా దగ్గర వేరే కాగితం ఉంది. దాన్ని డీవియేషన్ రిపోర్టు అంటాం. పని పద్ధతి తప్పినప్పుడల్లా రాసి, మూలకారణం వెతకాలి. అది మనిషి మీద ఫిర్యాదు కాదు, జరిగిన పొరపాటు మీద. కాలమ్ పోయాక దాన్ని నింపింది నేనే. మూలకారణం గడిలో "మానవ తప్పిదం" అని, దిద్దుబాటు గడిలో "మళ్లీ ట్రైనింగ్" అని రాశాను. ఈ రెండు మాటలూ నేర్చుకుంటే ఏ పరిశ్రమలోనైనా బతికిపోవచ్చు.

చిట్కా 6: గొడ్డలి కావలసిన చోట గోరు చాలనండి

ఇది ఇంకో తగవు, కానీ ఇక్కడే చెప్పాలి. ఆ రోజుల్లోనే మా ల్యాబు ట్రైనీ అమ్మాయి ఒకరు నా దగ్గరకొచ్చి, ప్రొడక్షన్ సూపర్‌వైజర్ ఒకాయన రాత్రిళ్లు పిచ్చి మెసేజీలు పెడుతున్నాడని, శాంపిళ్లు తెచ్చే వంకతో మీద మీదకు వస్తున్నాడని చెప్పింది. కాలమ్ తగవులో గొడ్డలి ఎత్తినవాణ్ణి చూశాక నాకు శాంతి మీద మక్కువ పెరిగింది. "అమ్మా, పెద్దవాడు, ముందు నువ్వే ఒకసారి మెల్లగా మాట్లాడు" అన్నాను. మూడో వారం మళ్లీ వస్తే, "నేను కూర్చోబెడతాను, రాజీ పడదాం. ఏప్రిల్ అప్రైజల్ అయ్యేదాకా ఆగు" అన్నాను. మాడుగుల హల్వా కూడా తెప్పించి పెట్టాను.

ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. 2013 నాటి చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదు, చివరి సంఘటన జరిగిన మూడు నెలల లోపల రాతపూర్వకంగా ఇవ్వాలి. సరైన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. "కాస్త ఆగు" అన్న మాటకున్న బలం ఈ గడియారంలోంచే వస్తుంది. కూర్చోబెట్టి మాట్లాడిస్తూ, సర్దిచెబుతూ ఉంటే మన చేతికి మట్టి అంటకుండా గడువు దానంతటదే దాటిపోతుంది.

ఆ అమ్మాయి ఆగలేదు. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా ఉండాల్సిన అంతర్గత కమిటీకి నేరుగా రాసింది. కమిటీకి పెద్ద ఒక సీనియర్ మహిళ. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు. బయటి స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు. మెసేజీల ప్రింట్లతో, సాక్షుల పేర్లతో ఆరు కాపీలు ఇచ్చింది. మైక్రో ల్యాబు మేడం పక్కన కూర్చొని రాయించిందని తర్వాత తెలిసింది. అందులో ఒక్క విశేషణం లేదట. తేదీ, సమయం, మెసేజీ. తేదీ, సమయం, మెసేజీ.

నేను నా హల్వా డబ్బాతో కమిటీ దగ్గరకు వెళ్లి, "విచారణ ఎందుకండీ, నేను రాజీ చేస్తాను" అన్నాను. బయటి సభ్యురాలు నవ్వలేదు. విచారణ మొదలయ్యేముందు రాజీకి వీలుంది, కానీ అది అడగాల్సింది ఫిర్యాదు చేసిన మహిళే అన్నారు. ఆమె అడిగినా డబ్బు మీద రాజీ కుదర్చకూడదన్నారు. "మీరెవరండీ అడగడానికి?" అన్నట్టు చూశారు. నిరూపించలేకపోతే ఆ అమ్మాయి మీదే చర్య ఉంటుంది కదా అని నా ఆఖరి అస్త్రం వేశాను. నిరూపించలేకపోవడం వేరు, తెలిసి తెలిసి అబద్ధం చెప్పడం వేరు. మొదటిదానికి శిక్ష లేదన్నారు. పైగా ఈ సంగతి బస్సులో మాట్లాడితే ఏమవుతుందో కూడా చెప్పారు. ఫిర్యాదును చూసే బాధ్యత ఉన్నవాళ్లు వివరాలు బయటపెడితే రూ.5,000 వసూలు చేస్తారట. ఒక ఊరి ముచ్చటకు అంత ఖరీదు నేనెప్పుడూ వినలేదు.

అమ్మాయి రాసి అడిగితే, విచారణ జరుగుతుండగానే ఆ సూపర్‌వైజర్‌ను వేరే బ్లాకుకు మార్చారు. విచారణకు గడువు తొంభై రోజులు. ఇలా ప్రతిదానికీ రోజుల లెక్క ఉంటే మనలాంటి పెద్దమనుషులకు ఇక పనేముంటుంది? హల్వా నేనే తిన్నాను.

చిట్కా 7: వాళ్లిద్దర్నీ ఒకే టీ కొట్టు దగ్గర నిలబడనివ్వకండి

మిగతా ఆరు చిట్కాలూ నా అనుభవం. ఇది నా పశ్చాత్తాపం.

డీవియేషన్‌లో "మళ్లీ ట్రైనింగ్" అని రాశాను కదా. అందుకని ఒక శనివారం ఇద్దర్నీ జనరల్ షిఫ్టులో ట్రైనింగ్‌కు పిలవాల్సి వచ్చింది. సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సెక్కారు. లంకెలపాలెం జంక్షన్‌లో టైరు పంక్చరైంది. దిగి నిలబడితే పక్కన టీ కొట్టు. వాన మొదలైంది. కొట్టుకు ఒకటే రేకు.

ఎంతసేపని మాట్లాడకుండా ఉంటారు? అనకాపల్లి అబ్బాయి, విసుగుతోనో, చలికో, "అసలు ఆ టైముకి నువ్వేం చేస్తుంటావురా?" అన్నాడట. తిట్టినట్టే అన్నాడట, కానీ మొత్తానికి అది ప్రశ్నే.

శ్రీకాకుళం అబ్బాయి చెప్పాడు. ప్రొడక్షన్ నుంచి శాంపిళ్లు తెల్లవారుజామున నాలుగింటికి వస్తాయి. ఇన్‌చార్జి సంతకం పెట్టి తీసుకొని యంత్రం మీద పెట్టమంటాడు. అవి అయ్యేసరికి అయిదున్నర. కడగడానికి గంట కావాలి. ఆరుంబావుకు బస్సు వెళ్లిపోతుంది. అది తప్పితే వాడికి ఇంటికెళ్లే దారి లేదు. శాంపిళ్లు మూడింటికే వచ్చిన రోజుల్లో కాలమ్ కడిగే వెళ్తున్నాడు. రెండు నెలలుగా నైటే, రోస్టరు మార్చమని రెండుసార్లు అడిగాడు. అది కూడా ఇన్‌చార్జి చేతిలోనే ఉంది.

ఆ ఇన్‌చార్జి ఎవరో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ప్రొడక్షన్ వాళ్లు తెల్లారేలోగా రిపోర్టు కావాలంటారు, కాదంటే నాకు మాట వస్తుంది. తీసుకున్నాను. రోస్టరు మారిస్తే కొత్తవాడికి మళ్లీ నేర్పాలి. మార్చలేదు. అందులో నేరమేముంది? కానీ ఆ టీ కొట్టు దగ్గర ఇద్దరూ ఒక్కమాట మీదకొచ్చేశారు. నన్ను మాత్రం టీకి పిలవలేదు.

నిజానికి మాట్లాడటానికి ముందు నన్నే పిలిచారు. నాతో నేరుగా మాట్లాడారు, ఇద్దరూ కలిసి, కోపం లేకుండా. శాంపిళ్లు మూడింటికి మించి తీసుకోవద్దు, లేకపోతే కడిగే పనిని యంత్రం జాబితాలో ఆఖరి లైనుగా పెట్టి దానంతటదే కడుక్కొనేలా చేద్దాం అన్నారు. "చూద్దాం" అన్నాను. ప్లాంటులో "చూద్దాం" అంటే ఏమిటో వాళ్లకు తెలుసు. నా పైవాడు కూర్చోబెట్టి మాట్లాడిస్తానన్నాడు, నాకు తీరికలేదన్నాను. అప్పుడు, మొదటి రెండు తలుపులూ తట్టి చూశాక, మూడోది తట్టారు.

ఇరవై మంది, అంతకుమించి కార్మికులున్న చోట గ్రీవెన్స్ రిడ్రెసల్ కమిటీ ఉండాలి. యాజమాన్యం వైపు ఎంతమందో పనివాళ్ల వైపు అంతమంది, మొత్తం పదికి మించకుండా. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, సమస్య పుట్టిన ఏడాది లోపల దరఖాస్తు పెట్టుకోవచ్చు. కమిటీ ముప్పై రోజుల్లో తేల్చాలి. ఆ కమిటీకి ఈ ఇద్దరూ కలిసి ఒక్క పేజీ రాశారు. అందులో నా గుణగణాలు లేవు. నేను దొంగననో, దుర్మార్గుణ్ణనో రాసి ఉంటే ఎంత తేలిగ్గా కొట్టిపారేసేవాణ్ణి! మూడు తేదీలు రాశారు. ప్రతి తేదీకీ శాంపిల్ అందిన సమయం, రన్ ముగిసిన సమయం, బస్సు వెళ్లిన సమయం, పొద్దున ప్రెషరు. కింద రెండు కోరికలు: మూడింటి గడువు, వారం వారం మారే రోస్టరు.

కమిటీ ముందు నేను, శాంపిళ్లు అంత ఆలస్యంగా ఎప్పుడూ రాలేదని గట్టిగా చెప్పాను. పనివాళ్ల వైపు సభ్యుడు శాంపిల్ ఇన్‌వర్డ్ రిజిస్టరు తెప్పించి నా ముందు తెరిచాడు. 4:05. 4:20. 4:10. ప్రతి అంకె పక్కనా నా సంతకమే. ఒకచోట 3:50 అని రాసి, తర్వాత ఒక్క గీత కొట్టి, పక్కన 4:15 అని దిద్ది, తేదీ వేసి మరీ సంతకం పెట్టాను. పద్ధతి ప్రకారం. చదవడానికి వీలుగా.

ఇప్పుడు శాంపిళ్లు మూడింటి తర్వాత తీసుకోవడం లేదు. రోస్టరు నోటీసు బోర్డు మీద ఉంది. ఈ వారం నైట్ షిఫ్టులో ఇన్‌చార్జి పేరు చూశాను, నాదే. బయట బస్సు దగ్గర ఆ ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకుంటున్నారో కనుక్కుందామని డ్రైవర్ని అడిగాను. క్రికెట్ గురించేనట. నేను నమ్మను.